మూడు సీసాలు, ఒకే మోతాదు

చంకలో ఏడాది బిడ్డతో ఒకమ్మాయి వచ్చి మా మందుల షాపు కౌంటర్ మీద రెండు సీసాలు పెట్టింది. ఒకటి పోయిన నెల కొన్నది, అడుగున కాస్త మిగిలింది. రెండోది ఇంకా సీలు తీయనిది. రెండూ జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరప్‌లే.

"అన్నా, పాతదాంట్లో ఆరు ఎంఎల్ పట్టేదాన్ని. ఇది కూడా ఆరే కదా?"

కాదు. పాత సీసా లేబుల్ మీద 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములని ఉంది. కొత్తదాని మీద అదే 5 మిల్లీలీటర్లకు 250 అని ఉంది. పేరు ఒకటే, సీసా సైజు ఒకటే, రంగూ ఇంచుమించు ఒకటే. కొత్తదాంట్లోంచి ఆరు పట్టి ఉంటే బిడ్డ కడుపులోకి రెట్టింపు మందు వెళ్లేది.

ఆ అమ్మాయి అజాగ్రత్త మనిషి కాదు. ఎంఎల్ గుర్తుపెట్టుకుంది, కానీ గుర్తుపెట్టుకోవలసింది ఎంజీని. ఈ రెంటికీ తేడా తెలియాలంటే శ్రీరామనవమి పానకం తలుచుకుంటే చాలు. ఒకే బెల్లం ముక్కను ఒక గ్లాసు నీళ్లలో కలపొచ్చు, రెండు గ్లాసుల్లోనూ కలపొచ్చు. బిడ్డకు అందాల్సింది బెల్లం. అది మిల్లీగ్రాము, అంటే అసలు మందు బరువు. మనం కొలిచి పోసేది పానకం. అది మిల్లీలీటరు, అంటే ఆ మందును మోసే ద్రవం. పానకం ఎంత చిక్కగా కలిపారో తెలియకుండా ఎన్ని గుక్కలు తాగించాలో చెప్పలేం. ఆ చిక్కదనమే లేబుల్ మీద ఉండే అంకె.

మన దగ్గర పారాసిటమాల్ ద్రవరూపంలో ముఖ్యంగా మూడు రకాలుగా దొరుకుతుంది. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండేది పలుచన సిరప్. కొన్ని కంపెనీలు దాన్నే 125గా చేస్తాయి. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండేది చిక్కనిది. ఇక నెలల పిల్లల కోసం చేసే చిన్న సీసా డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. మూడింటిలోనూ చిక్కనిది ఈ డ్రాప్సే. పసిపిల్లలది కాబట్టి పలుచగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పసిబిడ్డ ఎక్కువ ద్రవం మింగలేదు కనుక కొద్ది చుక్కల్లోనే మందు సరిపోయేలా చేస్తారు.

ఇక లెక్క. ఆ బిడ్డ బరువు 10 కిలోలు. డాక్టరు చీటీలో పారాసిటమాల్ 150 మి.గ్రా. అని రాశారు. ఇది చిన్నప్పుడు బళ్లో చేసిన త్రైరాశికమే, రెండు మెట్లు ఎక్కితే అయిపోతుంది.

మొదటి మెట్టు, ఒక మి.లీ.లో ఎంత మందుందో తేల్చుకోవడం. పాత సీసాలో 5 మి.లీ.కి 120 అని ఉంది కనుక 120ని 5తో భాగించాలి. 24 వస్తుంది. అంటే ఒక్కో మి.లీ.లో 24 మి.గ్రా. రెండో మెట్టు, కావలసిన 150ని ఈ 24తో భాగించడం. 6.25 వస్తుంది. పాత సీసాలోంచి పట్టవలసింది 6.25 మి.లీ. ఆ అమ్మాయి ఆరు పడుతున్నది అందుకే.

కొత్త సీసాకూ ఇదే పని. 250ని 5తో భాగిస్తే 50. కావలసిన 150ని 50తో భాగిస్తే 3 మి.లీ. డ్రాప్స్‌కి మొదటి మెట్టుతో పని లేదు, ఒక మి.లీ.లో 100 అని లేబులే చెబుతోంది. 150ని 100తో భాగిస్తే 1.5 మి.లీ. ఒకే బిడ్డ, ఒకే జ్వరం, ఒకే 150 మిల్లీగ్రాములు. సీసాను బట్టి ఒకచోట 6.25, ఒకచోట 3, ఒకచోట 1.5. అదే ఆరు మి.లీ. డ్రాప్స్‌లోంచి పట్టి ఉంటే 600 మి.గ్రా., అంటే డాక్టరు చెప్పినదానికి నాలుగు రెట్లు.

సూత్రంగా రాసుకోవాలనుకునేవారికి ఇదీ:

```
పట్టవలసిన మి.లీ. = (డాక్టరు చెప్పిన మి.గ్రా. ÷ లేబుల్ మీది మి.గ్రా.) × లేబుల్ మీది మి.లీ.
```

లెక్క చేశాక సీసా మూత తీసేముందు రెండు విధాలుగా సరిచూసుకోవాలి. ఒకటి కంటితో. 5 మి.లీ.లో 120 ఉంది, నాకు 150 కావాలి, కాబట్టి 5 కన్నా కాస్త ఎక్కువ రావాలి. 6.25 వచ్చింది, సరే. భాగహారం తిరగేసి చేసి 0.16 తెచ్చుకున్నా, దశాంశ బిందువు జారి 62.5 వచ్చినా ఇక్కడే దొరికిపోతుంది. రెండోది వెనక్కి గుణించడం. 6.25ని 24తో గుణిస్తే మళ్లీ 150 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే.

లేబుల్ చదవడంలో పొరబాట్లు తరచుగా ఒకే చోట జరుగుతాయి. సీసా ముందువైపు పెద్దగా కనిపించే 60 మి.లీ. అన్నది సీసాలో మొత్తం ఎంత సిరప్ ఉందో చెప్పే అంకె. దానితో మన లెక్కకు సంబంధం లేదు. మనకు కావలసింది పక్కనో వెనకో చిన్న అక్షరాల్లో ఉండే "ప్రతి 5 మి.లీ.లో" అని మొదలయ్యే వరుస. అది 5 మి.లీ.కా, 1 మి.లీ.కా అన్నది వేలు పెట్టి చదవాలి. ఆ ఒక్క అంకె తప్పు చదివితే లెక్క అయిదు రెట్లు తేడా వస్తుంది.

ఇంకో చిక్కు అలవాటు వల్ల వస్తుంది. జలుబుకీ దద్దుర్లకీ ఇచ్చే సెటిరిజిన్ సిరప్ సాధారణంగా 5 మి.లీ.కి 5 మి.గ్రా. ఉంటుంది. అంటే 2.5 మి.గ్రా. కావాలంటే 2.5 మి.లీ. పడితే సరి. ఇక్కడ రెండంకెలూ కలిసిపోవడంతో ఎంజీ, ఎంఎల్ ఒకటేనన్న నమ్మకం మనసులో నాటుకుంటుంది. ఆ నమ్మకంతోనే వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ సిరప్ దగ్గరికి వస్తారు. అది 5 మి.లీ.కి 2 మి.గ్రా. డాక్టరు 2 మి.గ్రా. అని రాస్తే పట్టవలసింది 5 మి.లీ. రెండు మి.లీ. పడితే లోపలికి వెళ్లేది 0.8 మి.గ్రా. మాత్రమే. వాంతులు ఆగవు, మందు పనిచేయలేదనుకుంటారు.

రెండు మందులు కలిసిన సీసాల దగ్గర మరొక జాగ్రత్త. అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన డ్రై సిరప్ ఒకదాని మీద 228.5 అని పెద్దగా ఉంటుంది. అది మొత్తం. చిన్న అక్షరాల్లో చూస్తే అందులో అమాక్సిసిలిన్ 200, మిగతా 28.5 రెండో మందు. డాక్టర్లు ఎక్కువగా అమాక్సిసిలిన్‌ను బట్టే మోతాదు కడతారు. చీటీలో ఉన్న అంకె దేనిదో అడిగి తెలుసుకున్నాకే భాగించాలి. పైగా పొడి సీసా మీది అంకె నీళ్లు కలిపాక వర్తించేది. చల్లార్చిన కాచిన నీళ్లు గీత దాకా పోసి, బాగా కుదిపి, నురగ తగ్గాక మట్టం దిగితే మళ్లీ గీత దాకా పోయాలి. గీత దాటి పోస్తే పానకం పలుచనైనట్టే, లెక్క ఎంత సరిగ్గా చేసినా మందు తక్కువే వెళ్తుంది.

సరైన అంకె వచ్చాక దాన్ని కొలవడం మిగిలింది. వంటింటి చెంచాతో ఈ పని కాదు. ఏ ఇంటి చెంచా లోతు ఆ ఇంటిదే. మూతగా ఇచ్చే కొలత గిన్నెలో 5 గీత ఉంటుంది కానీ 6.25 ఉండదు, 3 కూడా చాలావాటిలో ఉండదు. షాపులో సూది లేని సిరంజి అడిగి తీసుకోండి. నోటి మందుల కోసం చేసినదైతే మరీ మంచిది. మామూలు ఇంజెక్షన్ సిరంజి అయితే సూదినీ, చివరనున్న చిన్న మూతనూ తీసి దూరంగా పారేయాలి. ఆ మూత బిడ్డ గొంతులో ఇరుక్కునే ప్రమాదముంది.

ముందు సీసాను బాగా కుదపాలి. చాలా సిరప్‌లలో మందు అడుగుకు దిగుతుంది. కుదపకపోతే మొదట్లో పలుచగా, చివర్లో చిక్కగా వెళ్తుంది. సిరంజిలోకి లాగాక కొనను పైకి పట్టి గాలి బుడగ తోసేసి, లోపలి నల్ల రబ్బరు ముందంచు ఏ గీత దగ్గరుందో చూడాలి. వెనక అంచు కాదు, ద్రవాన్ని తాకుతున్న అంచు. 10 మి.లీ. సిరంజి మీద గీతలు చాలావరకు 0.2 చొప్పున ఉంటాయి, కాబట్టి 6.25 సరిగ్గా కుదరదు, 6.2 దగ్గర ఆగితే చాలు. 148.8 మి.గ్రా. వెళ్తుంది, పారాసిటమాల్‌కు ఆ తేడా లెక్కలోకి రాదు. ఫిట్స్ మందులకూ గుండె మందులకూ మాత్రం మన ఇష్టానికి సర్దకూడదు, డాక్టరునే అడగాలి. సిరంజిని బిడ్డ బుగ్గ లోపలికి పెట్టి కొద్దికొద్దిగా వదలాలి. డ్రాప్స్‌తో వచ్చే డ్రాపర్‌ను ఆ సీసాకే ఉంచండి. దాని మీది గుర్తులు ఆ మందుకు వేసినవి.

ఈ గందరగోళం మనది మాత్రమే కాదు. అమెరికాలో పసిపిల్లల పారాసిటమాల్ డ్రాప్స్ ఒక చిక్కదనంలోనూ, పెద్దపిల్లల సిరప్ మరో చిక్కదనంలోనూ ఉండి తల్లిదండ్రులు పొరబడుతుంటే, 2011లో తయారీదారులు రెంటినీ 5 మి.లీ.కి 160 మి.గ్రా. అనే ఒకే చిక్కదనానికి మారుస్తామని ప్రకటించారు. మన షాపు అరల్లో 120, 250, 100 ఇప్పటికీ పక్కపక్కనే ఉంటాయి. అందుకే విదేశంలో ఉన్న కూతురికి ఇక్కడి అమ్మ ఫోన్లో "అయిదు ఎంఎల్ పట్టమ్మా" అని చెప్పకూడదు. ఆమె చేతిలో ఉన్న సీసా వేరు.

లెక్కకు ముందు మోతాదు ఉంటుంది, అది డాక్టరు చెప్పవలసింది. పారాసిటమాల్‌ను బిడ్డ బరువును బట్టి కడతారు, ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. మూడు నెలలు నిండని బిడ్డకు డాక్టరును అడగకుండా అసలే ఇవ్వకూడదు. జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ కలిసి ఉండొచ్చు కనుక రెండూ పట్టేముందు రెండు లేబుళ్లూ చదవాలి. ఎక్కువ పట్టేశామని తెలిస్తే బిడ్డ బాగానే ఉంది కదా అని ఆగకండి. కాలేయం దెబ్బతిన్న లక్షణాలు మొదటి రోజు కనిపించకపోవచ్చు. విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. సీసానూ సిరంజినీ వెంట తీసుకుని ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ మొదట అడిగేది ఎన్ని మిల్లీగ్రాములు వెళ్లాయనే.

ఆ రోజు ఆ అమ్మాయి కొత్త సీసా మీద నేను తెల్ల టేపు అతికించి పెన్నుతో రాశాను: "బాబు 10 కేజీలు, 150 ఎంజీ, ఈ సీసాలో 3 ఎంఎల్." ఆమె పాత సీసా తీసుకుని, "దీనిమీద కూడా రాయన్నా" అంది. కాసేపాగి, "వద్దులే, నేనే రాస్తా" అని పెన్ను తీసుకుంది. 120ని 5తో భాగించి, 150ని 24తో భాగించి, చీటీ వెనకాల 6.25 అని వేసింది. వెంటనే దాన్ని మళ్లీ 24తో గుణించి 150 వచ్చిందో లేదో చూసుకున్నాకే టేపు మీదికి ఎక్కించింది.