హాట్‌స్పాట్‌కి ఎన్ని డివైజ్‌లు కనెక్ట్ చేయొచ్చు? స్పీడ్ అసలు ఎందుకు పడిపోతుంది?

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కరెంట్ పోయింది, రౌటర్ ఆగిపోయింది. ఆఫీస్ కాల్ కోసం నా ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేశాను. ల్యాప్‌టాప్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 40 ఎంబీపీఎస్. ఐదు నిమిషాల తర్వాత కాల్ ముక్కలు ముక్కలుగా వినిపించడం మొదలైంది. మళ్లీ టెస్ట్ చేస్తే 5 మాత్రమే! చూస్తే బాబాయ్ కొడుకు వెనక గదిలో కనెక్ట్ అయ్యి గేమ్ డౌన్‌లోడ్ పెట్టాడు.

ఇద్దరమే కదా, సగం సగం అంటే నాకు 20 రావాలి. మరి 5 ఎందుకు?

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు 8 లేదా 10 డివైజ్‌ల వరకు ఒప్పుకుంటాయి. ఐఫోన్‌లో ఆ లిమిట్ మోడల్‌ని, మొబైల్ నెట్‌వర్క్‌ని బట్టి మారుతుంది. కానీ అది కనెక్ట్ అవ్వగలిగే సంఖ్య మాత్రమే, స్పీడ్‌కి గ్యారంటీ కాదు. ఒకే ఛానల్‌లో ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. అంటే మనం పంచుకునేది స్పీడ్‌ని కాదు, టైమ్‌ని.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక ప్యాకెట్ సుమారు 12,000 బిట్లు. పక్కనే ఉన్న నా ల్యాప్‌టాప్ లింక్ 65 ఎంబీపీఎస్ కాబట్టి ప్యాకెట్‌కి దాదాపు 185 మైక్రోసెకన్లు చాలు. రెండు గోడల అవతల ఉన్న తమ్ముడి లింక్ 6.5 ఎంబీపీఎస్‌కి పడిపోయింది, అదే ప్యాకెట్‌కి దాదాపు 1,850 పడుతుంది. ఇద్దరికీ చెరో ప్యాకెట్ చొప్పున వంతు వస్తే, ఒక రౌండ్‌కి 2,035 మైక్రోసెకన్లు. అంటే ఇద్దరికీ చెరో 6 ఎంబీపీఎస్ లోపే! దూరంగా ఉన్నవాడు తన స్పీడ్‌తో పాటు నాదీ కిందకి లాగేశాడు.

"ఒరేయ్, ల్యాప్‌టాప్ తీసుకుని హాల్లోకి రా" అన్నాను. "డౌన్‌లోడ్ ఆపమంటావేమో అనుకున్నా అన్నయ్యా" అంటూ వచ్చాడు. ఆపక్కర్లేకుండానే చెరో 20 దాకా వచ్చింది.

మీకూ ఇలా అయితే ముందు హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌లోనే, మిగతావన్నీ డిస్కనెక్ట్ చేసి, మొబైల్ డేటా మీద టెస్ట్ చేయండి. అక్కడే తక్కువ వస్తే సమస్య సిగ్నల్‌ది, హాట్‌స్పాట్‌ని తిట్టి లాభం లేదు. ఫోన్‌లో బాగానే ఉంటే, విండోస్ ల్యాప్‌టాప్ వైఫై ప్రాపర్టీస్‌లో `Link speed` చూడండి. అది బాగా తక్కువున్న డివైజే దోషి, దాన్ని దగ్గరికి తెచ్చుకోండి. అందరూ ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారండి. ఐఫోన్‌ 12, ఆ తర్వాతి మోడల్స్‌లో అయితే `Maximize Compatibility` ఆఫ్ చేస్తే చాలు. గోడలు అడ్డుంటే మాత్రం 5 గిగాహెర్ట్జ్ త్వరగా బలహీనపడుతుంది, అప్పుడు 2.4 నయం.