భయం చెప్పింది జరిగిందా? రాసి చూసుకోండి

నలుగురిలోకి వెళ్లాలంటే భయపడే మనిషికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "వెళ్తూ ఉండు, అదే అలవాటవుతుంది." నిజానికి ఆ మనిషి వెళ్తూనే ఉంటాడు. పెళ్లిళ్లకు, ఆఫీసు మీటింగులకు, బ్యాంకుకు, బంధువుల ఇళ్లకు ఏళ్ల తరబడి వెళ్తూనే ఉంటాడు. అయినా భయం మాత్రం మొదటి రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. కుక్కంటే భయపడేవాడు పది మంచి కుక్కల్ని దగ్గరగా చూస్తే కొంతైనా తేరుకుంటాడు. మనుషులంటే భయపడేవాడు రోజూ వందమందిని చూస్తున్నా ఎందుకు తేరుకోడు?

సోషల్ యాంగ్జైటీ చికిత్సలో ఈ ప్రశ్నకు గట్టి జవాబు 1995లో వచ్చింది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు బ్రిటిష్ మనస్తత్వవేత్తలు ఆ ఏడాది ఈ సమస్యకు ఒక నమూనా ప్రతిపాదించారు. వాళ్లు చెప్పినదాని సారాంశం ఇది. భయపడే మనిషి నలుగురిలోకి ఉత్త చేతులతో వెళ్లడు. తనను కాపాడతాయని నమ్మే చిన్న చిన్న జాగ్రత్తల్ని వెంట తీసుకెళ్తాడు. తీరా అక్కడ ఏ ప్రమాదమూ జరగకపోతే, ఆ జాగ్రత్తల వల్లే బయటపడ్డానని అనుకుంటాడు. అవి లేకపోయినా ఏమీ జరిగేది కాదన్న సంగతి అతనికి ఎప్పటికీ తెలియదు. అందుకే ఎన్నిసార్లు వెళ్లినా భయం తరగదు.

ఈ ముడి విప్పడానికి చికిత్సకులు ఒక కాగితాన్ని వాడతారు. దాన్ని ప్రవర్తనా ప్రయోగాల వర్క్‌షీట్ అంటారు. పేరు పెద్దదే గానీ అందులో ఉండేవి ఆరు గళ్లే: సందర్భం, నా అంచనా, నేను వాడే రక్షణ జాగ్రత్తలు, ఈసారి చేయబోయే ప్రయోగం, నిజంగా జరిగింది, నేను తెలుసుకున్నది. మొదటి నాలుగూ వెళ్లే ముందు నింపాలి, చివరి రెండూ వచ్చాక నింపాలి. ఈ వరస తప్పితే కాగితం వల్ల ఉపయోగం ఉండదు. ముందే రాసిపెట్టకపోతే మనసు తర్వాత తన అంచనాను మార్చేసుకుంటుంది. "నేను అంత ఘోరంగా ఏమీ అనుకోలేదులే" అని మనకే చెబుతుంది.

ఒక కల్పిత ఉదాహరణతో ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. రవి అనే బ్యాంకు ఉద్యోగి ఉన్నాడనుకుందాం. పదకొండు గంటలకు సహోద్యోగులతో కలిసి టీ తాగడం అతనికి గండం. చేయి వణుకుతుందని భయం. చాలా రోజులు "ఇప్పుడే తాగానండీ" అని తప్పించుకుంటాడు. తప్పని రోజున మాత్రం వెళ్లి కూర్చుంటాడు.

మొదటిసారి వర్క్‌షీట్ ఇచ్చినప్పుడు అంచనా గడిలో రవి రాసింది: "చాలా టెన్షన్‌గా ఉంటుంది. ఇబ్బందిగా ఉంటుంది." ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. టెన్షన్ వస్తుందన్నది దాదాపు ఖాయం. అది వచ్చినందువల్ల తేలేది ఏమీ లేదు, పైగా "చూశావా, నేను అనుకున్నట్టే అయింది" అన్న భావన మిగులుతుంది. అంచనా ఎలా ఉండాలంటే, ఆ మూలన ఒక కెమెరా పెడితే అందులో కనబడాలి, లేదా చెవికి వినబడాలి. అది తప్పయ్యే అవకాశమూ ఉండాలి. "అయితే ఏమవుతుంది? వాళ్లు గమనించారని నీకెలా తెలుస్తుంది?" అని చికిత్సకురాలు తిప్పి తిప్పి అడిగాక రవి రాసింది ఇలా ఉంది: "చేయి వణికి టీ బల్ల మీద ఒలుకుతుంది. నలుగురిలో కనీసం ఇద్దరు నా చేతి వైపు చూస్తారు. ఒకరైనా ఏమైందని అడుగుతారు. నేను పిరికివాణ్ణని అనుకుంటారు." దీన్ని ఎంత నమ్ముతున్నావంటే నూటికి 85 అన్నాడు. ఆ అంకె కూడా కాగితం మీదికి ఎక్కింది.

మూడో గడి నింపడం అన్నిటికంటే కష్టం. రక్షణ జాగ్రత్తలు ఏళ్లుగా అలవాటై, చేసేవాడికే కనబడకుండా పోతాయి. "ప్రత్యేకంగా నేనేం చేయను" అనే రవి మొదట అన్నాడు. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. గ్లాసులో సగమే పోయించుకుంటాడు. రెండు చేతులతో బిగించి పట్టుకుంటాడు. మోచేతులు బల్లకు ఆనిస్తాడు. అందరూ ఇంకెటో చూస్తున్నప్పుడే గుటక వేస్తాడు. మధ్యమధ్యలో ఫోన్ తీసి చూస్తాడు. ఇవి పైకి కనబడేవి. లోపల జరిగేవి ఇంకో రెండున్నాయి. చేయి వణుకుతోందా లేదా అని క్షణక్షణం తన చేతినే గమనించుకుంటూ ఉంటాడు, నోరు విప్పే ముందు ప్రతి వాక్యాన్నీ మనసులో ఒకసారి చదువుకుంటాడు. ఈ లోపలివాటిని పట్టుకోకుండా చేసిన ప్రయోగం సగం ప్రయోగమే. వాటిని బయటికి రప్పించడానికి ఒక ప్రశ్న ఉంది: "నువ్వు భయపడింది జరగకుండా ఆపడానికి ఏం చేస్తావు? ఒకవేళ జరిగితే ఎవరికీ కనబడకుండా ఉండటానికి ఏం చేస్తావు?"

మొదటి ప్రయోగంలో జాగ్రత్తలు మానేయమని ఎవరూ అనలేదు. ఒకే పనిని రెండు రకాలుగా చేసి పోల్చమన్నారు. చికిత్సకురాలి గదిలోనే, పరిచయం లేని ఒకరితో కూర్చుని రెండుసార్లు టీ తాగాలి. ఒకసారి తన జాగ్రత్తలన్నీ శక్తికొద్దీ పాటిస్తూ, రెండోసారి వాటిని వదిలేసి, గ్లాసును ఒక చేత్తో వదులుగా పట్టుకుని, తన చేతి మీది దృష్టిని ఎదుటి మనిషి మాటల మీద పెట్టి. రెండుసార్లూ తర్వాత మూడు ప్రశ్నలు: ఎంత భయమేసింది? ఎంత భయపడుతున్నట్టు పైకి కనబడ్డానని అనుకుంటున్నావు? ఎదుటివారికి ఎలా అనిపించి ఉంటావు?

జాగ్రత్తలతో ఉన్నప్పుడే భయం ఎక్కువని రవి అంకెలు చెప్పాయి. వణుకు కూడా అప్పుడే ఎక్కువైంది. ఇందులో వింతేమీ లేదు. గ్లాసును గట్టిగా బిగిస్తే చేతి కండరాలు బిగుసుకుంటాయి, బిగుసుకున్న చేయి మరింత వణుకుతుంది. చెమట కనబడకూడదని ఎండాకాలంలో మందపాటి చొక్కా వేసుకునేవారికి చెమట ఎక్కువ పట్టేది కూడా ఇలాగే. ఎదుట కూర్చున్న వ్యక్తిని అడిగితే ఇంకో సంగతి తెలిసింది. మొదటిసారి రవి వణకడం ఆమె గమనించలేదు. "ఆయనకు నాతో మాట్లాడటం ఇష్టం లేదేమో అనుకున్నాను" అంది. ఫోన్ చూడటం, కళ్లు కలపకపోవడం, మాట మాటకీ ఆగిపోవడం ఆమెకు అలా తోచాయి. నన్ను తక్కువగా చూస్తారేమోనన్న భయంతో చేసిన పనులే అతన్ని బిగుసుకుపోయిన మనిషిగా చూపించాయి. నా దృష్టిలో వర్క్‌షీట్ మొత్తానికి విలువైన ఫలితం ఇదే. "ధైర్యంగా ఉండు" అని వందసార్లు చెప్పినా ఇది రాదు, పోల్చి చూస్తేనే వస్తుంది.

క్లార్క్, వెల్స్, వారి సహచరులు 1995లోనే 8 మంది రోగులతో దీన్ని పరీక్షించి చూశారు. భయపడే సందర్భంలో ఊరికే ఉండటం కంటే, రక్షణ జాగ్రత్తలు వదిలి ఉన్నప్పుడు భయమూ, జరగరానిది జరుగుతుందన్న నమ్మకమూ ఎక్కువ తగ్గాయి. చిన్న అధ్యయనమే, కానీ ఆ తర్వాతి చికిత్సకు దారి చూపింది.

ఇక అసలు బల్ల దగ్గరికి వద్దాం. శుక్రవారం పదకొండు గంటలకు రవి నిండు గ్లాసు తీసుకుని, ఒక చేత్తో పట్టుకుని నలుగురితో కూర్చున్నాడు. చుట్టూ చూడటం కూడా ప్రయోగంలో భాగమే. తల దించుకుని కూర్చుంటే ఎవరు చూశారో ఎవరు చూడలేదో తెలిసేదెలా? ఆ సాయంత్రం "నిజంగా జరిగింది" గడిలో మొదట "ఘోరంగా అనిపించింది" అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు: "చేయి కొంచెం వణికింది. టీ ఒలకలేదు. ఒకాయన ఒకసారి నా వైపు చూసి బదిలీల గురించి మాట్లాడాడు. ఎవరూ ఏమీ అడగలేదు." కొట్టేసిన మాటకీ, తర్వాత రాసిన మాటలకీ ఉన్న తేడాను గమనించండి. లోపల అనిపించినదాన్ని బయట జరిగినదానికి సాక్ష్యంగా తీసుకోవడమే ఈ సమస్యకు వేరు. నమ్మకం 85 నుంచి 50కి దిగింది.

యాభై దగ్గరే ఎందుకు ఆగింది? "ఈరోజు ఎక్కువ వణకలేదు కాబట్టి బతికిపోయాను" అన్నాడు రవి. సమీక్షలో ఈ "కాబట్టి" కోసమే వెతకాలి. అది కనబడిన చోటే తర్వాతి ప్రయోగం ఉంటుంది. అతని అసలు భయం వణుకు కాదని, వణికితే జనం ఏమనుకుంటారోనని అర్థమైంది. అందుకే మరుసటి వారం కావాలనే చేయి వణికించి, కాస్త టీ ఒలకబోయాలని నిర్ణయించారు. అంచనా: "కనీసం ఇద్దరు నవ్వుతారు లేదా మొహమొహాలు చూసుకుంటారు." జరిగింది: పక్కనున్నాయన మాట ఆపకుండానే పాత పేపర్ ముక్క ఇటు తోశాడు. ఎవరూ నవ్వలేదు. దీంతోపాటు రవి స్నేహితుడొకరు తనకు తెలిసిన కొందరిని అడిగాడు, టీ తాగుతున్న మనిషి చేయి వణికితే ఏమనుకుంటారని. "ఒంట్లో బాగాలేదేమో", "టిఫిన్ చేయలేదేమో", "నేనసలు గమనించను" అన్నవే ఎక్కువ. పిరికివాడు అన్న మాట ఎవరి నోటా రాలేదు.

దారి తప్పే చోట్లు కూడా తెలుసుకోవాలి. ఒక జాగ్రత్త వదిలేసిన చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. రవి ఫోన్ పక్కన పెట్టాడు గానీ, మాటల మధ్య ఊపిరి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఫలితం బాగున్నా నమ్మకం అంకె కదలకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. రెండోది, రాత్రి పడుకున్నాక జరిగినదాన్ని పదే పదే తిరగేసుకోవడం. అది సమీక్షలా కనిపిస్తుంది గానీ సమీక్ష కాదు, దానికి ముగింపు ఉండదు. వర్క్‌షీట్‌ను అదే రోజు ఒకసారి నింపి మూసేయాలి. మూడోది, కొన్నిసార్లు అంచనా నిజమవుతుంది, ఎవరో నిజంగానే నవ్వుతారు. అప్పుడు ఆ ఫలితాన్ని దాచకుండా రాసి, దాని కింద రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఎంతమందిలో ఎంతమంది నవ్వారు? ఆ తర్వాత ఏం జరిగింది?

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013లో పెద్దల సోషల్ యాంగ్జైటీకి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ తరహా వ్యక్తిగత చికిత్సకే మొదటి స్థానం ఇచ్చింది. క్లార్క్, వెల్స్ పద్ధతిలో అయితే సుమారు 4 నెలల్లో, ఒక్కొక్కటి గంటన్నర చొప్పున 14 సెషన్లు. కాబట్టి ఒంటరిగా ఇంట్లో కాగితం గీసుకుని ప్రయత్నించేవారు రెండు వారాల్లో అంతా మారిపోవాలని ఆశించకండి. చిన్న సందర్భంతో, ఒక్క జాగ్రత్త వదలడంతో మొదలుపెట్టండి. భయం వల్ల చదువో ఉద్యోగమో మానేసే స్థితి వచ్చినా, తాగితే తప్ప నలుగురిలోకి వెళ్లలేకపోతున్నా, బతకాలని లేదన్న ఆలోచనలు వస్తున్నా కాగితంతో ఆగవద్దు, సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇది రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.