నాలుగో అంకె కదిలితే ఎంత?

డాలస్‌లో ఉంటున్న ఒక తెలుగు ఉద్యోగి ఫోన్‌లో ట్రేడింగ్ ఖాతా తెరిచాడనుకుందాం. తెర మీద EUR/USD అని, పక్కన 1.0848, 1.0850 అని రెండు ధరలు కనిపిస్తాయి. ఒక యూరోకు ఎన్ని డాలర్లో చెప్పే అంకెలివి. కొనాలంటే రెండో ధర, అమ్మాలంటే మొదటి ధర. దశాంశ బిందువు తర్వాత నాలుగో స్థానంలో ఒక్క అంకె మారితే, అంటే 1.0850 కాస్తా 1.0851 అయితే, ధర ఒక పిప్ పెరిగిందంటారు. ఒక యూరో మీద చూస్తే అది సెంటులో నూరో వంతు.

ఇంత చిన్న మొత్తం లెక్కలోకి రావాలంటే ఎన్ని యూరోలు కొన్నామన్నది తెలియాలి. చిన్న ఖాతాల్లో ఎక్కువగా వాడే కొలత మైక్రో లాట్, అంటే 1,000 యూరోలు. 0.0001ని 1,000తో గుణిస్తే 0.10 వస్తుంది. కాబట్టి మైక్రో లాట్‌లో ఒక పిప్ విలువ 10 సెంట్లు. పూర్తి లాట్ అంటే 1,00,000 యూరోలు, అక్కడ అదే పిప్ 10 డాలర్లు.

మన ఉద్యోగి 1.0850 దగ్గర ఒక మైక్రో లాట్ కొన్నాడు. కొన్న మరుక్షణమే ఖాతాలో 20 సెంట్ల నష్టం కనిపిస్తుంది. అది పొరపాటు కాదు. అప్పటికప్పుడు అమ్మేస్తే వచ్చేది 1.0848 మాత్రమే కదా, ఆ రెండు పిప్‌ల తేడాయే స్ప్రెడ్. సాయంత్రానికి అమ్మకం ధర 1.0885కి చేరితే 35 పిప్‌లు పెరిగినట్టు. 35ను 10 సెంట్లతో గుణిస్తే లాభం 3.50 డాలర్లు. సరిచూసుకోవడమూ సులువే: 1,000 యూరోలకు పెట్టింది 1,085.00 డాలర్లు, తిరిగి వచ్చింది 1,088.50. ధర పెరగకుండా 1.0820కి పడిపోతే 30 పిప్‌లు, మూడు డాలర్లు నష్టం. కొన్న ధర నుంచి అమ్మిన ధర దాకా లెక్కించాం గనుక స్ప్రెడ్‌ను మళ్లీ విడిగా తీసేయనక్కర్లేదు. రాత్రికి ఉంచుకుంటే కలిపే లేదా కోసే వడ్డీ మాత్రం వేరు.

మూడు డాలర్లే కదా అనిపించవచ్చు. కానీ అమెరికా నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రధాన కరెన్సీ జంటల్లో కొనుగోలు విలువలో 2 శాతం మార్జిన్ ఉంటే చాలు, ఇక్కడ 21.70 డాలర్లు. ధర కదిలింది మూడో వంతు శాతం కూడా కాదు, పోయింది మాత్రం ఆ మార్జిన్‌లో ఏడో వంతు. చిన్న ఖాతాలు కరిగిపోయేది ఇలాగే.

లెక్క తప్పడానికి ఇంకో కారణం ఐదో అంకె. చాలా యాప్‌లు ధరను 1.08502 అని చూపిస్తాయి. చివరి అంకె పిప్‌లో పదో వంతు. 1.08502 నుంచి 1.08532కి వెళ్తే పెరిగింది మూడు పిప్‌లే, ముప్పై కాదు. 20 పిప్‌ల దూరంలో స్టాప్ లాస్ పెడుతున్నానని 20 అని కొట్టి, యాప్ దాన్ని ఐదో అంకెతో లెక్కిస్తే, స్టాప్ రెండు పిప్‌ల దూరంలోనే పడుతుంది. స్ప్రెడ్ అంతే ఉన్నప్పుడు ధర పెద్దగా కదలకుండానే బేరం ముగిసిపోవచ్చు. అందుకే ఆర్డర్ పెట్టేముందు స్టాప్ ధరను పూర్తి అంకెల్లో చదవాలి.

యెన్ జంటల్లో పిప్ రెండో దశాంశ స్థానంలో ఉంటుంది. 1,000 డాలర్లను 150.00 యెన్ల చొప్పున అమ్మి, ధర తగ్గాక 149.60కి తిరిగి కొంటే 40 పిప్‌ల లాభం. ఒక్కో పిప్ 10 యెన్లు, మొత్తం 400 యెన్లు. జంటలో రెండోది ఏ కరెన్సీ అయితే లాభనష్టాలు అందులోనే పుడతాయి. ఆ 400ను 149.60తో భాగిస్తే డాలర్లలో 2.67 వస్తుంది.

ఇదే పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని విదేశీ యాప్‌లో చేయడం కుదరదు. రిజర్వ్ బ్యాంక్ అనుమతి లేని ఫారెక్స్ వేదికల జాబితాను 2022 నుంచి ప్రకటిస్తూ వస్తోంది. వాటిలో ట్రేడ్ చేసినవారి మీద విదేశీ మారక చట్టం కింద చర్యలుంటాయి. మన దగ్గర గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీల్లో డాలర్-రూపాయి ఫ్యూచర్స్ ఉన్నాయి. అవీ డాలర్లతో నిజంగా లావాదేవీలున్నవారు నష్టభయం తగ్గించుకోవడానికే. అక్కడ ఒక లాట్ 1,000 డాలర్లు, ధర కదిలే కనీస మెట్టు పావు పైసా, లాట్‌కు రెండున్నర రూపాయలు. ధర పది పైసలు కదిలితే నలభై మెట్లు, వంద రూపాయలు.