మూలన వేలు పడితే ఎంత కోయాలి?

ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు పై మూలన వేలు అడ్డొస్తుంది. కెమెరాతో తీస్తే దాని బెల్టు కింది మూలన వేలాడుతూ పడుతుంది. ఇంటికొచ్చి చూసుకున్నాక చాలామంది చేసేది ఒకటే: క్రాప్ తెరిచి, ఆ మూల పట్టుకుని, మచ్చ పోయేదాకా లోపలికి లాగేస్తారు. వేలు పోతుంది, దాంతోపాటు పోనక్కర్లేనిది కూడా చాలా పోతుంది.

మూలన ఉన్న మచ్చ రెండు అంచులనూ తాకుతుంది కానీ, దాన్ని తీసేయడానికి రెండు అంచులూ కోయక్కర్లేదు. పై అంచో, పక్క అంచో ఒక్కటి కోస్తే చాలు. ఏది కోయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

చార్మినార్ ముందు నిలబడ్డ ఒక కుటుంబం ఫొటో అనుకోండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీసింది, 4:3 కొలత. కుడి పై మూలన వేలు పడింది. ఫొటో వెడల్పును, ఎత్తును చెరో 100 భాగాలు అనుకుంటే, వేలు పక్కకు 15 భాగాలు, కిందికి 8 భాగాలు పాకింది. లెన్స్‌కు మరీ దగ్గరగా ఉన్న వేలికి స్పష్టమైన గీత ఉండదు. దాని చుట్టూ ఎర్రటి మసక ఉంటుంది. పెద్దది చేసి చూస్తే ఆ మసక ఇంకో 2 భాగాల దాకా కనిపిస్తుంది. అది వదిలేసి కోస్తే మూలన ఏదో మరక మిగిలినట్టుంటుంది. కాబట్టి కోయాల్సింది పక్క నుంచి అయితే 17, పై నుంచి అయితే 10.

ఇప్పుడు ఆ అంచుల దగ్గర ఏముందో చూడాలి. కుడి మినార్ బయటి అంచు ఫొటో అంచుకు 12 భాగాల దూరంలోనే ఉంది. పక్క నుంచి 17 కోస్తే మినార్ నిలువునా తెగుతుంది. పైన మాత్రం మినార్ కొనకు ఎగువన 14 భాగాల ఖాళీ ఆకాశం ఉంది. పై నుంచి 10 కోసినా కొన మీద 4 భాగాల ఆకాశం మిగులుతుంది. కట్టడం నిండుగా ఉంటుంది, మనుషుల జోలికి వెళ్లనే లేదు.

మూల పట్టుకుని లాగినప్పుడు మాత్రం లెక్క వేరు. క్రాప్‌లో కొలత 4:3 దగ్గర బిగించి ఉంటే వెడల్పు, ఎత్తు కలిసే తగ్గుతాయి. రెండూ 10 తగ్గితే మిగిలేది 90లో 90 వంతులు, అంటే ఫొటోలో 81 శాతమే. కొలతను Free అని మార్చి పై అంచు ఒక్కటే దించితే 90 శాతం దక్కుతుంది. బెల్టు విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. అది సన్నగా, పొడుగ్గా పక్క అంచు వెంబడి వేలాడుతుంది కాబట్టి పక్క నుంచి కోయడమే చవక.

ఈ ఫొటోను 6×4 అంగుళాల ప్రింటు వేయిస్తారనుకోండి. ఆ కాగితం కొలత 3:2. దాంట్లో ఖాళీ లేకుండా పట్టాలంటే 4:3 ఫొటో ఎత్తులో ఎలాగూ 11 భాగాలు పోవాల్సిందే. వేలికోసం కోసే 10 ఆ 11లోనే వచ్చేస్తుంది, మిగిలిన ఒక్కటి కింద నేల నుంచి తీస్తే సరి. ప్రింటులో వేలు కోసం ప్రత్యేకంగా పోయిందంటూ ఏమీ లేదు. అయితే ఈ పని ల్యాబ్‌కు వదలకూడదు. ప్రత్యేకంగా చెప్పకపోతే అక్కడ సాధారణంగా పైనా కిందా సమానంగా కోస్తారు. అంటే పైన అయిదున్నరే పోతుంది, ప్రింటు మూలన దాదాపు 3 మిల్లీమీటర్ల వేలు మిగులుతుంది, కింద కాళ్లు తెగే ప్రమాదమూ ఉంది. 3:2 పెట్టి మీరే కోసి ఇవ్వండి. మినార్ కొన మీద మిగిలే ఆకాశం ప్రింటులో నాలుగున్నర మిల్లీమీటర్లు. ప్రింటు అంచుల్లో ల్యాబ్ యంత్రం కాస్త మింగినా కొన నిలుస్తుంది.

కోసేశాక అంచుల వెంట ఒకసారి చూపు తిప్పండి. ఎవరి మోచెయ్యో, పాదమో సగంలో తెగిందా? బోర్డు మీది అక్షరాలు విరిగాయా? ఏ కొనైనా అంచును సరిగ్గా తాకుతూ ఆగిందా? పూర్తిగా తెగిన దానికన్నా, అంచుకు అతుక్కున్నట్టున్నదే కంటికి ఎక్కువ ఇబ్బంది. తర్వాత అసలు ఫొటోను, కోసినదాన్ని మార్చి మార్చి చూడండి. రెండోదాంట్లో అది ఏ చోటో ఇంకా తెలుస్తోందంటే కోత సరిపోయినట్టే. మనుషులు మాత్రమే మిగిలి, వెనకున్నది ఏదో ఒక గోడలా కనిపిస్తే ఎక్కువ కోసినట్టు.

మినార్ కొన మీద 14కు బదులు 6 భాగాల ఆకాశమే ఉండుంటే? అప్పుడు ఏ అంచు కోసినా కట్టడం తెగుతుంది. వేలు పడింది ఖాళీ ఆకాశం మీద కాబట్టి స్టూడియోలో రీటచ్ చేయిస్తే పోతుంది, కోయక్కర్లేదు. వేలు జనం మీదో, చెక్కడాల మీదో పడితే రీటచ్ అంత శుభ్రంగా కుదరదు. అప్పుడు చార్మినార్ కోసం తీసిన ఫొటో అయితే వేలితోనే ఉంచేయండి. మనుషుల కోసం తీసిందైతే ధైర్యంగా దగ్గరికి కోయండి. ఏది చేసినా Save copy నొక్కండి, అసలు ఫొటో అలాగే ఉంటుంది.