క్యాన్సిల్ నొక్కాక యాప్ ఎప్పటిదాకా నడుస్తుంది?

మార్చి 12న ఓ సినిమాల యాప్‌కి నెలకు 199 రూపాయలు కట్టారనుకోండి. సినిమాలు అయిపోయాయో, పిల్లల పరీక్షలు వచ్చాయో, 20వ తేదీన క్యాన్సిల్ నొక్కారు. చాలా యాప్‌లలో అది ఆ క్షణాన ఆగిపోదు. ఏప్రిల్ 12 దాకా చూసుకోవచ్చు, ఆ రోజు మళ్లీ డబ్బు పోదు, అంతే. 12 నుంచి 12 దాకా ఉన్న ఈ కాలమే బిల్లింగ్ సైకిల్. మనం డబ్బు ముందే కట్టాం కాబట్టి ఆ గడువు మనది. నెట్‌ఫ్లిక్స్‌లోనూ, గూగుల్ ప్లే ద్వారా తీసుకున్న చందాల్లోనూ మామూలుగా ఇదే పద్ధతి. కాబట్టి 11వ తేదీ రాత్రి దాకా ఆగి హడావుడి పడటం కన్నా, వద్దనుకున్న రోజే నొక్కేయడం మేలు.

అయితే ఇది ప్రకృతి నియమమేమీ కాదు, కంపెనీ ఎంచుకున్న పద్ధతి. చందాలు వసూలు చేసిపెట్టే స్ట్రైప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో `cancel_at_period_end` అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే చందా గడువు చివర్లో ముగుస్తుంది. అలా కాకుండా కంపెనీ నేరుగా రద్దు చేస్తే అప్పటికప్పుడే ముగుస్తుంది. మిగిలిన రోజుల డబ్బు వెనక్కి రావడం వేరే సంగతి, అది దానంతట అదే జరగదు.

ఉచిత ట్రయల్ దగ్గర జాగ్రత్త. అక్కడ మనం పైసా కట్టలేదు, కనక గడువు దాకా ఉంచాలన్న లెక్కా గట్టిగా ఉండదు. కొన్ని యాపిల్ సేవల్లో ట్రయల్‌ను మధ్యలో రద్దు చేస్తే వెంటనే తలుపు మూసుకుంటుంది. ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయమని యాపిల్ చెబుతుంది. ఆ కాస్త వ్యవధికి ముందు రోజు చేసుకుంటే రెండు వైపులా సరిపోతుంది.

ఏడాది ప్లాన్‌లో ఇంకో మెలిక ఉంది. ఏడాదికి ఒకేసారి కట్టి మూడో నెలలో రద్దు చేస్తే, సాధారణంగా మిగతా తొమ్మిది నెలలూ వాడుకోవచ్చు. కానీ ‘ఏడాది ఒప్పందం, నెలనెలా చెల్లింపు’ అన్నది వేరు. అడోబీలో ఇలాంటి ప్లాన్ ఉంది. మొదటి 14 రోజులు దాటాక మధ్యలో మానేస్తే, మిగిలిన నెలల మొత్తంలో కొంత రుసుముగా పడవచ్చు. వాడకం మాత్రం ఆ నెల గడువుతోనే ముగుస్తుంది.

ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా రద్దు కాదు. యూపీఐలో ఆటోపే ఆపడం కూడా రద్దుతో సమానం కాదు. డబ్బు పోవడం ఆగుతుంది గానీ, కంపెనీ లెక్కలో చందా ఇంకా నడుస్తూనే ఉంటుంది. తర్వాతి వసూలు విఫలమయ్యాకే ఖాతా ఆగుతుంది. ఖాతానే డిలీట్ చేస్తే మాత్రం మిగిలిన రోజులు కూడా పోవచ్చు. క్యాన్సిల్ అయ్యాక తెరమీద ‘ఏప్రిల్ 12 వరకు’ లాంటి తేదీ కనబడుతుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గడువుకు ముందే యాప్ ఆగితే కస్టమర్ కేర్‌కు చూపడానికి అదే ఆధారం.