మాత్రకు ముహూర్తం భోజనమే

కార్తీక సోమవారం పగలంతా మంచినీళ్లతో గడిపి, చుక్కలు చూశాక భోంచేసే ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "రోజూలాగే ఆ రోజూ పొద్దున ఆరున్నరకి పరగడుపున పాంటోప్రజోల్ వేసుకుంటాను. పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి తిని పడుకున్నాకే గుండెల్లో మంట మొదలవుతుంది. మాత్ర పనిచేయడం మానేసిందా?" మానేయలేదు. ఆ రోజు అది వచ్చిన వేళకు చేయడానికి పని లేదు, పని తగిలిన వేళకు అది లేదు. ఉపవాసానికీ గ్యాస్ మాత్రకూ మధ్య పేచీ అంతా ఇక్కడే ఉంది.

ముందు ఒక నమ్మకాన్ని సరిచేయాలి. తినకుండా ఉంటే యాసిడ్ ఊరి ఊరి కడుపును తినేస్తుందంటారు. ఖాళీ జీర్ణాశయంలో ఊరే ఆమ్లం, అది గరిష్ఠంగా ఊరించగలిగే దానిలో సుమారు పదోవంతే. కాకపోతే దాన్ని విరిచే అన్నం లోపల లేదు కాబట్టి, ఉన్న కాస్తా గాఢంగా ఉంటుంది. పుండు ఉన్నవారికి ఆ గాఢతే బాధ. ఆమ్లం పైకి ఎగదన్నే జబ్బు ఉన్నవారికి మాత్రం ఉపవాసపు పగలు చాలాసార్లు తేలిగ్గానే గడుస్తుంది. అన్నవాహిక చివర ఉన్న కండరపు బిగింపు ఎక్కువగా సడలేది కడుపు నిండి సాగినప్పుడు. కడుపు నిండేది సాయంత్రం.

ఇక మాత్ర సంగతి. ఆమ్లాన్ని బయటికి తోసేవి జీర్ణాశయం గోడలోని కణాల్లో ఉండే ప్రోటాన్ పంపులు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ అన్నీ వీటినే పట్టుకుంటాయి. అయితే పట్టుకునే తీరు విచిత్రం. మింగిన మాత్ర కడుపులో కరగకూడదు, అందుకే దానికి పూత ఉంటుంది. చిన్నపేగులో కరిగి, రక్తంలో కలిసి, చుట్టూ తిరిగి ఆ కణం దగ్గరకి చేరుతుంది. అప్పటికీ అది మందు కాదు. పంపు పనిచేస్తూ ఆమ్లం పోస్తున్న సన్నటి కాలువలోకి వెళ్తేనే, ఆ ఆమ్లం తగిలి మందుగా మారుతుంది, మారిన చోటే పంపును కరిచి పట్టుకుంటుంది. ఆకలి కడుపులో ఎక్కువ పంపులు కణం లోపల ముడుచుకుని నిద్రపోతుంటాయి. వాటిని అది తాకలేదు. నిద్ర లేపేది భోజనం: వాసన, నమలడం, కడుపు సాగడం, వీటి వెంట వచ్చే గ్యాస్ట్రిన్ హార్మోను. చిక్కిన పంపు ఇక లేవదు, దాని బదులు ఒళ్లు కొత్తది తయారు చేసుకోవాలి. సుమారు రెండు రోజుల్లో సగం పంపులు ఇలా కొత్తవి అవుతాయి. మందు రక్తంలో ఉండేది కొన్ని గంటలే. ఆ కొన్ని గంటల్లో మేలుకుని ఉన్నవే చిక్కుతాయి.

డాక్టర్లు పరగడుపున వేసుకోమనేది ఇందుకే. కానీ ఆ సలహాకు రెండో సగం ఉంది: అరగంట నుంచి గంటలోపు తినాలి. మన ఇళ్లలో మొదటి సగం శాసనమైంది, రెండోది ఎవరికీ గుర్తు లేదు. మందుల చీటీలో '1-0-1' అని రాసే అలవాటుకి ఇందులో బాధ్యత లేకపోలేదు. ఆ అంకెల్లో పూట ఉంటుంది, భోజనం ఉండదు.

ఇప్పుడు ఆ సోమవారాన్ని చూద్దాం. ఆరున్నరకి మింగిన మాత్ర తొమ్మిది ప్రాంతాల రక్తంలో గరిష్ఠానికి చేరి, మధ్యాహ్నం దాటేసరికి దాదాపు ఖాళీ అవుతుంది. ఈలోగా మేలుకున్న పంపులు కొద్ది. సాయంత్రం ఆరున్నరకి దీపం పెట్టి, పులిహోర, పప్పు, గారెలు, పాయసంతో భోంచేస్తే, నిద్రపోయిన పంపులూ కొత్తగా పుట్టినవీ ఒక్కసారి లేస్తాయి. ఆపడానికి మందు లేదు. నిన్నటి మాత్రలకు చిక్కినవి ఇంకా మూసుకునే ఉంటాయి కాబట్టి నష్టం పూర్తిగా జరగదు, అంతే. దీనికి తోడు ఇంకొకటి. తిన్న తర్వాత కడుపులో ఆమ్లమంతా అన్నంతో కలిసిపోతుందనుకునేవారు. 2001లో గ్లాస్గో పరిశోధకులు కొలిచి చూస్తే, జీర్ణాశయం పైభాగంలో, అన్నవాహిక ముఖద్వారం దగ్గరే, ఆహారంతో కలవని ఆమ్లపు పొర నిలిచి ఉంది. నిండిన కడుపు బిగింపును సడలిస్తే ముందు పైకి వచ్చేది అదే. తొమ్మిదికి పడుకుంటే దానికి దారి ఇంకా సుగమం.

కాబట్టి ఆ ఒక్కరోజు మాత్రను సాయంత్రం పావు తక్కువ ఆరుకో, ఆరుకో మార్చుకుంటే చాలు, రెండో మాత్ర అక్కర్లేదు. మరునాడు మళ్లీ పొద్దున్నే వేసుకోవచ్చు. అవసరమైనప్పుడు రెండు పూటలా ఇచ్చే మందే కనుక పన్నెండు గంటల ఎడం ఇబ్బంది కాదు. పగలు నీళ్లూ ముట్టని రంజాన్ రోజాలో సాయంత్రం ముందుగా వేసుకునే వీలు లేదు. అయితే అక్కడి ఆచారంలోనే దారి ఉంది. ఇఫ్తార్‌కి ఖర్జూరం, నీళ్లతో పాటు మాత్ర మింగి, మగ్రిబ్ నమాజు చేసుకుని, అరగంటకి భోజనానికి కూర్చోవచ్చు. రెండు పూటల మాత్ర ఉన్నవారికి రెండోది సహర్‌కి అరగంట ముందు.

ఒక రోజు వేళ తప్పితే ఏమవుతుంది, మందు ప్రభావం నాలుగైదు రోజులు పేరుకుని ఉంటుంది కదా అనవచ్చు. నెలకో ఏకాదశి చేసే, జబ్బు మామూలుగా ఉన్న మనిషి విషయంలో ఈ వాదన ఒప్పుకోదగ్గదే. కానీ ముప్పై రోజుల రోజాలో, రెండు రోజులకి సగం పంపులు కొత్తవవుతుంటే, వేళ తప్పిన ప్రతి మాత్రా పాత నిల్వని తరిగిస్తుంది. ఇక ఇటీవల మన మందుల షాపుల్లోకి వచ్చిన వోనోప్రజాన్‌కి ఈ చిక్కు లేదు. పంపు నిద్రలో ఉన్నా పట్టుకోగలదు, భోజనంతో ముడి లేదు. అలాగని పాత మందుతో కుదురుగా ఉన్నవారు ఉపవాసం కోసం దానికి మారాల్సినంత అవసరమేమీ కనిపించదు.

విరమణ దగ్గర ఇంకో పాత పొరపాటు పలకరిస్తుంది: మంటకి చల్లటి పాలు. ఇది మన బామ్మల మాట మాత్రమే కాదు. షికాగో వైద్యుడు బెర్ట్రామ్ సిప్పీ 1915లో పుండు రోగులకి గంటగంటకీ పాలు, మీగడ పట్టే చికిత్సను ప్రచారం చేస్తే దశాబ్దాల పాటు ఆసుపత్రులు పాటించాయి. పాలు ఆ క్షణానికి ఆమ్లాన్ని విరుస్తాయి, తర్వాత వాటిలోని ప్రోటీను, కాల్షియం పంపుల్ని లేపుతాయి. చాలా పుండ్లకి మూలం హెలికోబాక్టర్ అనే బాక్టీరియా అని 1980ల్లో వారెన్, మార్షల్ చూపించాక గానీ సిప్పీ నీడ పూర్తిగా పోలేదు. విరమణకి పాలకన్నా అరటిపండో, కాస్త మెత్తటి పెరుగన్నమో మేలు. కారణం పరిమాణం: కడుపు ఒక్కసారి సాగకూడదు. కొంచెం తిని, ఓ అరగంట ఆగి, మిగతాది. గారెలు, మిర్చి బజ్జీ లాంటి నూనె సరుకు కడుపులోంచి ఆలస్యంగా దిగుతుంది, బిగింపునూ సడలిస్తుంది, కాబట్టి వాటి వంతు చివర. పడుకోవడానికి మూడు గంటలు ఎడం ఉండాలి. సహర్ తిని వెంటనే మళ్లీ నిద్రపోయేవారికి ఇదే పెద్ద దెబ్బ. ఉపవాసంలో 'కాఫీ పరవాలేదు' అని నాలుగుసార్లు తాగే అలవాటు ఖాళీ కడుపులో ఆమ్లాన్ని ఊరిస్తుంది.

పుండు ఉన్నవారికి ఇదంతా తర్వాతి మాట. మానుతున్న పుండు, ఈమధ్య రక్తస్రావం, రక్తం పలచబరిచే మందులు, ఇవి ఉంటే డాక్టరు సరేననేదాకా ఉపవాసం వద్దు. ఇస్లాం రోగికి రోజా నుంచి మినహాయింపు ఇచ్చింది, మన వ్రతాల్లో ఫలహారం ఉండనే ఉంది. ఉపవాసంలో తలనొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుంటే ఆమ్లంకన్నా అవే పుండును పెద్దది చేస్తాయి. పారాసెటమాల్ నయం. రక్తం వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా, జిగురుగా వచ్చినా, పొట్ట ఒక్కసారి చెక్కలా బిగిసి నొప్పెట్టినా చుక్కల కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి విరేచనం ఊరికే నల్లబడుతుంది గానీ, ఆ జిగురూ ఘాటైన వాసనా ఉండవు.