లారీ ఎక్కిన సరుకుకు ఏ బీమా?

గుంటూరు నుంచి ఒక చిరు వ్యాపారి 5 లక్షల రూపాయల మిర్చి బస్తాలను లారీలో నాగపూర్ పంపాడనుకుందాం. కిరాయి 20,000. దారిలో టార్పాలిన్ చిరిగి వానకు సరుకు తడిసింది.

అదనపు రుసుము కట్టి ఎక్కువ బాధ్యత ఒప్పించుకోకపోతే, రవాణా సంస్థ నుంచి వచ్చేది కిరాయికి పది రెట్ల వరకే, అంటే 2 లక్షలే.

మిగతాది సరుకు బీమా నుంచే రావాలి. 'బి' క్లాజు పాలసీ అగ్ని, పిడుగు, ఢీకొనడం, బోల్తా, వంతెన కూలడం వరకే. వాన తడి రాదు. 'ఎ' క్లాజులో వస్తుంది. ప్యాకింగ్ లోపం, ఆలస్యం వల్ల కలిగే నష్టాలు మాత్రం అందులోనూ రావు.

లారీ కదలకముందే ఇన్‌వాయిస్ విలువకు కిరాయి కలిపి పాలసీ తీసుకోవాలి. తడిసిన బస్తాలు దించేటప్పుడే ఫొటోలు తీసి, డెలివరీ రసీదుపై ఆ సంగతి రాయించి, బీమా సంస్థకు వెంటనే తెలపాలి. రవాణా సంస్థకు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.